వార్డ్‌రోబ్ లోతు 18 అంగుళాలా, 20 ఆ, 24 ఆ? రాడ్, ప్యాంట్ల ర్యాక్, టై హోల్డర్ ఏది దేంట్లో పడుతుందంటే

మా అక్కావాళ్ళు కిందటేడు ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్ చేయించుకున్నారు. చూడ్డానికి చాలా బాగుంది, లామినేట్ బాగుంది, హ్యాండిళ్ళు బాగున్నాయి, కానీ చొక్కాలు తగిలించి తలుపు వేస్తే చివర్లో ఒక వేలంత మందం తెరుచుకునే ఉంటుంది, గట్టిగా నొక్కితే పడుతుంది, వదిలేస్తే మళ్ళీ మెల్లగా వెనక్కి వస్తుంది. కార్పెంటర్ వచ్చి హింజ్ స్క్రూలు రెండుసార్లు తిప్పి వెళ్ళాడు. తేడా ఏం రాలేదు. నేను వెళ్ళినప్పుడు తలుపు లోపలివైపు చూస్తే భుజాల ఎత్తులో లామినేట్ మీద ఒక వరసలో రాపిడి మచ్చలున్నాయి, బావగారి ఇస్త్రీ చొక్కాలన్నిటికీ ఒకే పక్క చేతి మీద నిలువుగా మడత పడింది. అప్పుడర్థమైంది, తప్పు హింజ్‌ది కాదు, లోతుది.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఇంటీరియర్స్ గురించి వీడియోలే, అందులో లాగితే బయటికొచ్చే ప్యాంట్ల ర్యాకు, టైలు బెల్టులు పెట్టుకునే హోల్డరు, కిందికి వంగే రాడ్డు అన్నీ చూపిస్తారు గానీ ఏది ఎంత లోతు ఉంటే పడుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఆ ఒక్క విషయం పట్టుకుని మొదటినుంచి రాస్తున్నా.

కొటేషన్‌లో రాసే లోతు, బట్టలకి దొరికే లోతు ఒకటి కావు

మన దగ్గర వార్డ్‌రోబ్ రేటు ఎక్కువగా ముందువైపు చదరపు అడుగుల మీద కడతారు, అంటే పొడవు ఇంటూ ఎత్తు. లోతు ఆ లెక్కలోకి రాదు కాబట్టి దాని గురించి మాటే రాదు, మహా అయితే "రెండడుగులు సార్" అనేసి ఊరుకుంటారు. ఆ రెండడుగులు గోడ నుంచి తలుపు బయటి అంచు దాకానా, తలుపు కలపకుండా చెక్క డబ్బా వరకేనా, లోపల ఖాళీనా అన్నది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఒకసారి లెక్క వేద్దాం. కార్పెంటర్లు అంగుళాల్లో మాట్లాడతారు, ఫిట్టింగుల డబ్బాల మీద ఎంఎంలో ఉంటుంది, ఈ రెండిటి మధ్యే సగం తికమక పుడుతుంది, అందుకని నేను లోపలి కొలతలన్నీ సెంటీమీటర్లలో చెప్తా, డబ్బా మీద 450 అని ఉంటే చివరి సున్నా తీసేసి 45 అనుకుంటే సరిపోతుంది. 24 అంగుళాలంటే 61 సెంటీమీటర్లు. అందులో తలుపు మందం 1.8, వెనక ప్లై 0.6, ఆ వెనక ప్లైని గాడిలో దించడానికి, గోడ వంకర సర్దుకోడానికి వదిలే సందు ఒకటి ఒకటిన్నర. అవన్నీ పోతే లోపల మిగిలేది 57 దాకా. ఇది మామూలుగా బయటికి తెరుచుకునే తలుపులకి.

అదే జరిపే తలుపులు అయితే, అంటే స్లైడింగ్, రెండు తలుపులు ఒకదాని ముందు ఒకటి నడవాలి, పైనా కిందా ట్రాక్ పట్టాలి, దానికి 8 నుంచి 10 సెంటీమీటర్లు పోతాయి. అంటే అదే 24 అంగుళాల వార్డ్‌రోబ్‌లో లోపల 49 నుంచి 51 దాకానే మిగులుతుంది. ఊరికే చెప్పట్లేదు, ఐకియా వాళ్ళ పాక్స్ వార్డ్‌రోబ్ చూడండి, లోతైన రకం డబ్బా 58 సెంటీమీటర్లు, మామూలు తలుపులు పెడితే మొత్తం 60, జరిపే తలుపులు పెడితే మొత్తం 66. వాళ్ళు తలుపు కోసం లోపలి లోతు తగ్గించుకోలేదు, బయటికి పెంచారు. మన సైట్లలో మాత్రం చాలాసార్లు బయటి కొలత అలాగే ఉంచేసి తలుపు రకం మార్చేస్తారు, ఆ తేడా చొక్కాల మీద పడుతుంది.

24 అంగుళాలే ఎందుకు రివాజు అయ్యిందో కూడా చెప్పుకోవాలి. ప్లై షీటు ఎనిమిది అడుగులు ఇంటూ నాలుగడుగులు. నాలుగడుగులంటే 48 అంగుళాలు, సగానికి కోస్తే రెండు 24 అంగుళాల ముక్కలు, వేస్ట్ ఏమీ ఉండదు (రంపం తినే కొంచెం తప్ప, అందుకే కొలిస్తే కచ్చితంగా 24 ఉండదు). 18 అంగుళాలకి కోస్తే రెండు ముక్కలొచ్చి పన్నెండు అంగుళాల పట్టీ మిగులుతుంది. అది షెల్ఫులకో పుస్తకాల అరకో వాడితే సరే, లేకపోతే మూలన పడుంటుంది. కాబట్టి లోతు తగ్గిస్తే ప్లై బాగా ఆదా అవుతుందని అనుకోవద్దు, అన్నిసార్లూ అవదు.

చొక్కాకి ఎంత లోతు కావాలి, చీరకి ఎంత, ప్యాంటుకి ఎంత

పెద్దవాళ్ళ హ్యాంగర్ వెడల్పు 42 నుంచి 45 ఉంటుంది. కానీ చొక్కా హ్యాంగర్ దగ్గర ఆగదు, చేతులు అటూ ఇటూ కొంచెం బయటికి ఉబ్బుతాయి, అలా తగిలించిన చొక్కా మొత్తం వెడల్పు 50 నుంచి 53 వస్తుంది. కోటు, షేర్వాణీ లాంటివైతే ఇంకొంచెం. రాడ్ ఎడమ నుంచి కుడికి అడ్డంగా ఉన్నప్పుడు చొక్కా వెడల్పు మొత్తం వార్డ్‌రోబ్ లోతులోకి పోతుంది, అందుకే లోపల ఖాళీ 55 ఉంటే ఇబ్బంది లేదు, 57 ఉంటే హాయి. రాడ్ కూడా ఆ ఖాళీకి సరిగ్గా మధ్యలో రావాలి, అంటే వెనక ప్లై నుంచి 28 దగ్గర. చాలామంది బయటి మొత్తం లోతులో సగం తీసుకుని దాన్ని వెనక ప్లై నుంచి కొలిచి బిగిస్తారు, అప్పుడు రాడ్ ఒక సెంటీమీటరో రెండో తలుపువైపు జరిగి, సరిపోవాల్సిన చోట కూడా చేతులు తలుపుకి తగులుతాయి.

ఇక చీర. పట్టుచీర మడతల దగ్గర జరీ విరుగుతుందని చాలామంది హ్యాంగర్‌కి వేస్తారు. చీర పన్నా 115 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని పన్నాలో సగానికి మడిస్తే 57, మూడు మడతలు చేస్తే 38. సగానికి మడిచి హ్యాంగర్‌కి వేస్తే 42 సెంటీమీటర్ల హ్యాంగర్ మీద రెండు పక్కలా వేలాడుతుంది, దానికి చొక్కా కంటే ఎక్కువ లోతు కావాలి. మూడు మడతలు చేస్తే చిన్న హ్యాంగర్‌కి కూడా సరిపోతుంది. అంటే అదే చీరకి కావాల్సిన లోతు మడత బట్టి 57 కావచ్చు, 40 కావచ్చు. ఈ సంగతి తెలిస్తే లోతు తక్కువున్న వార్డ్‌రోబ్ చీరలకి ఎందుకు పనికొస్తుందో తెలుస్తుంది.

ప్యాంటు కూడా అంతే. క్లిప్పుల హ్యాంగర్ 32 నుంచి 35 వెడల్పే ఉంటుంది, దానికి ప్యాంటు తగిలిస్తే ఆ వెడల్పు దాటదు. పిల్లల హ్యాంగర్లూ దాదాపు అదే సైజు. కాబట్టి "18 అంగుళాల వార్డ్‌రోబ్‌లో రాడ్ పెట్టకూడదు" అనే మాట పూర్తిగా నిజం కాదు. పెద్దవాళ్ళ చొక్కాలకి అడ్డ రాడ్ పెట్టకూడదు, అంతే. చిన్నపిల్లల బట్టలు, క్లిప్పు హ్యాంగర్‌కి ప్యాంట్లు, మూడు మడతల చీరలు ఆ 18 అంగుళాల్లో లోపల మిగిలే 42 సెంటీమీటర్ల ఖాళీలో అడ్డ రాడ్‌కే చక్కగా వేలాడతాయి, కాకపోతే కొనేటప్పుడు చిన్న హ్యాంగర్లు కొనుక్కోవాలి.

18 అంగుళాలు ఎందుకు అడుగుతారు: పది అడుగుల గది లెక్క

లోతు తగ్గించేవాళ్ళు తెలియక తగ్గిస్తున్నారని కొట్టిపారేస్తే అన్యాయం. అక్కావాళ్ళ రెండో బెడ్‌రూమ్ పది అడుగులు, అంటే 120 అంగుళాలు. మంచం హెడ్‌బోర్డుతో కలిపి 80 అంగుళాలు. మంచం కాళ్ళవైపు గోడకే వార్డ్‌రోబ్ రావాలి, వేరే గోడ లేదు, ఒకవైపు కిటికీ ఒకవైపు బాత్రూమ్ తలుపు. మిగిలిన 40 అంగుళాల్లో 24 వార్డ్‌రోబ్‌కి ఇస్తే నడవడానికి 16 అంగుళాలు. 18 అంగుళాల వెడల్పు తలుపు అయితే అసలు పూర్తిగా తెరుచుకోదు, మంచానికి తగులుతుంది. 20 ఇస్తే దారి 20, 18 ఇస్తే 22, తలుపు తెరుచుకుంటుంది, మనిషి నిలబడి బట్ట తీసుకోగలడు.

"అందుకే 20 చేశాం మేడం, రెండిటికీ మధ్యలో" అన్నాడట కార్పెంటర్. గది వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. చొక్కా వైపు నుంచి చూస్తేనే తేడా కొట్టింది.

ఇలాంటి గదికి స్లైడింగ్ పెట్టమనేవాళ్ళూ ఉన్నారు, తలుపు తెరవడానికి జాగా అక్కర్లేదు కదా అని. నిజమే, కాకపోతే పైన చెప్పినట్టు ఆ తలుపు లోపల 8, 10 సెంటీమీటర్లు తింటుంది, కాబట్టి చొక్కాకి సరిపడా లోతు కావాలంటే మొత్తం 26 అంగుళాలు చేయాలి, అప్పుడు దారి 14 అంగుళాలకి పడిపోతుంది. తలుపు తెరుచుకోవడం సమస్య పోయి మనిషి నడవడం సమస్య మొదలవుతుంది.

అటూ ఇటూ కాని లోతు: 20 అంగుళాల వార్డ్‌రోబ్‌లో మూడు దారులు

20 అంగుళాలంటే దాదాపు 51. తలుపు, వెనక ప్లై, సందు పోతే లోపల 47. ఇదే అన్నిటికంటే ఇబ్బంది పెట్టే లోతు, ఎందుకంటే ఖాళీ హ్యాంగర్ తగిలించి చూస్తే పడుతుంది, 43 సెంటీమీటర్ల హ్యాంగర్ 47లో ఎందుకు పట్టదు, అందరూ అదే చూసి సరే అంటారు. చొక్కా వేశాకే 53 అవుతుంది. లోపలి లోతు 44 నుంచి 52 మధ్యలో ఉంటే ఈ మోసం జరుగుతుంది, దాన్ని గుర్తుపట్టే గుర్తులు అక్కావాళ్ళింట్లో చూసినవే: తలుపు కొంచెం తెరుచుకుని ఉండటం, ఒకే పక్క చేతికి మడత, తలుపు లోపల రాపిడి. స్లైడింగ్ అయితే ఇంకో గుర్తు, తలుపు జరిపినప్పుడు చొక్కా చెయ్యి తలుపుతో పాటు కొంతదూరం లాక్కుపోతుంది, ఎప్పుడో ఒకసారి గుండీ ఊడుతుంది.

అక్కావాళ్ళ రాడ్ పొడవు 90. చొక్కాకి మూడు సెంటీమీటర్లు చొప్పున చూసుకుంటే, లోతు సరిపోయి ఉంటే 30 చొక్కాలు పట్టేవి. ఇప్పుడు దాన్ని ఏం చెయ్యొచ్చు అని కూర్చుని లెక్కలేశాం.

మొదటి దారి, ఉన్న రాడ్ అలాగే ఉంచి చొక్కాల్ని ఏటవాలుగా తిప్పుకోవడం. కార్పెంటర్ చెప్పింది కూడా ఇదే, "కొంచెం క్రాస్‌గా పెట్టుకుంటే పడతాయి సార్" అన్నాడు, అబద్ధం కాదు, పడతాయి. 53 వెడల్పు చొక్కా 47లో ఇమడాలంటే సుమారు 27, 28 డిగ్రీలు తిరగాలి. అలా తిరిగినప్పుడు రెండు నష్టాలు. చొక్కాల మధ్య దూరం కొంచెం పెరుగుతుంది, మూడు కాస్తా మూడున్నరకి దగ్గరవుతుంది. పైగా చివర్ల దగ్గర హ్యాంగర్ కొస పక్క గోడకి తగలకుండా రాడ్ మీద చెరో 12 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. అంటే 90లో వాడకానికి మిగిలేది 66, పట్టేది ఓ 18, 19 చొక్కాలు. ఒకటి తీస్తే పక్కవి తిరిగిపోతుంటాయి, మళ్ళీ సర్దాలి.

రెండో దారి, రాడ్ దిశ మార్చడం. అడ్డంగా కాకుండా వెనక నుంచి ముందుకి ఉండే రాడ్, పై పలకకి బిగిస్తారు, లాగితే బయటికి వస్తుంది, దుకాణాల్లో పుల్ అవుట్ హ్యాంగర్ రాడ్ అని అడిగితే ఇస్తారు. దీంట్లో చొక్కా మనకి ఎదురుగా నిలబడుతుంది, వెడల్పు వార్డ్‌రోబ్ వెడల్పులోకి వెళ్ళిపోతుంది, లోతులో కావాల్సింది చొక్కాకి మూడు సెంటీమీటర్లే. అక్కావాళ్ళ 47లో 40 సెంటీమీటర్ల రాడ్ పడుతుంది, 13 చొక్కాలు. కాకపోతే దానికి 55 వెడల్పు కేటాయించాలి, 90లో అది పోతే, మధ్య పలక పోతే, 33 మిగులుతుంది, అందులో మడత బట్టలకి ఒక దొంతర అరలు వస్తాయి. వెనకున్న చొక్కా కావాలంటే రాడ్ పూర్తిగా బయటికి లాగాలి, అదొక్కటే ఇబ్బంది.

అంటే ఏటవాలుకి 18 చొక్కాలు, నలుగుతూ. ఎదురు రాడ్‌కి 13 చొక్కాలు, నలగకుండా, పైగా ఒక అరల వరస. మడత పెట్టుకునే టీషర్టులు, జీన్సులు ఎక్కువున్న ఇంటికి రెండోది లాభం. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకెళ్ళే ఇద్దరున్న ఇంటికి 13 చాలవు.

మూడో దారి తలుపుని ముందుకి జరపడం. డబ్బా ముందు అంచుకి చుట్టూ 8 సెంటీమీటర్ల పట్టీ కొట్టి, హింజ్‌లు ఊడదీసి దానికి బిగిస్తే లోపల 55 వస్తుంది. పని పెద్దదే, లామినేట్ మ్యాచ్ అవ్వాలి, గదిలో దారి మూడు అంగుళాలు తగ్గుతుంది. కొత్తగా చేయించుకుంటున్నవాళ్ళకి ఇదే ఇంకో రకంగా పనికొస్తుంది: మొత్తం వార్డ్‌రోబ్ 18 చేసి, చొక్కాలు వేలాడే ఒక్క భాగం మాత్రం 24 చేసి కొంచెం ముందుకి తీసుకురావడం. మంచానికి ఎదురుగా లేని చివర ఆ భాగం వచ్చేలా చూసుకుంటే దారికి అడ్డం రాదు. గోడ చదునుగా కనిపించదని కొంతమంది డిజైనర్లకి నచ్చదు, నాకు మాత్రం గోడ చదునుగా కనిపించడం కంటే చొక్కా నలగకపోవడమే ముఖ్యం అనిపిస్తుంది.

ప్యాంట్ల ర్యాక్: లోతు చానల్‌తో, ఇబ్బంది తలుపుతో

లాగే ప్యాంట్ల ర్యాక్‌కి లోతు లెక్క వేరు. ఇక్కడ బట్ట వెడల్పు కాదు, చానల్ పొడవు చూడాలి, అంటే ర్యాక్ జారే పట్టాల పొడవు. చానళ్ళు 25, 30, 35, 40, 45, 50 ఇలా ఐదేసి సెంటీమీటర్ల తేడాతో వస్తాయి, లోపలి లోతు కంటే ఒక సెంటీమీటర్ అయినా తక్కువున్న చానలే పడుతుంది. రెడీమేడ్ ప్యాంట్ల ర్యాకులు ఎక్కువగా 45 నుంచి 50 లోతుకి చేస్తారు. కాబట్టి 57 ఖాళీలో ఏదైనా పడుతుంది, అక్కావాళ్ళ 47లో 45ది అంచుకి అంచుగా పడుతుంది, 18 అంగుళాల వార్డ్‌రోబ్‌లోని 42లో పడదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసి తర్వాత తలుపు మూసుకోవట్లేదని చానల్ వెనక కోయించుకునేవాళ్ళని చూశాను, కోసిన చానల్‌లో బాల్స్ ఆపే కొస పోతుంది, కొన్నాళ్ళకి ర్యాక్ చేతిలోకి వచ్చేస్తుంది.

చానల్ పూర్తిగా బయటికి వస్తుందా, ముప్పాతికే వస్తుందా అన్నది కూడా చూడాలి. ముప్పాతిక వచ్చేదైతే చివరి ప్యాంట్లు లోపలే ఉండిపోతాయి, చెయ్యి పెట్టి లాగితే మడత చెదిరిపోతుంది, ర్యాక్ పెట్టించుకున్నదే మడత చెదరకుండా.

ఎత్తు తేలిక. ప్యాంటు పొడవు మీటరు, మీటరుకి కొంచెం పైన, సగానికి వేస్తే 50 నుంచి 55 కిందికి వస్తుంది, అటూ ఇటూ కలిపి 65 ఎత్తు ఇస్తే చాలు.

అసలు ఇబ్బంది తలుపు దగ్గర వస్తుంది. తలుపు తెరిచినా, హింజ్ రకాన్ని బట్టి దాని మందం కొంచెం లోపలివైపు మిగిలి ఉంటుంది. పక్క గోడకి ఆనించి బిగించిన ర్యాక్ బయటికి వస్తుంటే ఆ తలుపుకి గీసుకుంటుంది. అందుకే ర్యాక్ బిగించే ముందు పక్క పలకకి రెండు సెంటీమీటర్ల ప్యాకింగ్ పట్టీ కొడతారు, అంటే ఆ మేరకు ర్యాక్ వెడల్పు తక్కువది కొనాలి. స్లైడింగ్‌లో ఇది ఇంకా పెద్దది: రెండు తలుపులు ఒకదాని మీద ఒకటి ఉండే మధ్యభాగానికి ర్యాక్ ఎదురైతే ఏ తలుపు జరిపినా అంచు అడ్డం వస్తుంది. లోపలి పలకలు తలుపుల అంచుల ప్రకారం గీయాలి గానీ సమానంగా మూడు భాగాలు చేసి కాదు.

ర్యాక్ కావాలా వద్దా అన్నదాని మీద రెండు మాటలూ వినిపిస్తాయి. వద్దనేవాళ్ళ వాదన, ఒక ర్యాక్‌లో పన్నెండు ప్యాంట్లు పడితే గొప్ప, అదే 65 ఎత్తులో రెండు అరలు పెట్టి మడతపెడితే అంతకు రెట్టింపు పడతాయి, అదీ ఖర్చు లేకుండా. కావాలనేవాళ్ళ వాదన, ఇస్త్రీ చేసిన ఫార్మల్ ప్యాంటు మడతపెడితే మోకాళ్ళ దగ్గర అడ్డ గీత పడుతుంది, తొడుక్కునే ముందు మళ్ళీ ఇస్త్రీ. రెండూ నిజమే. ఫార్మల్ ప్యాంట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటే తేలిపోతుంది, జీన్సు కోసం ర్యాక్ పెట్టడంలో అర్థం లేదు.

టై హోల్డర్: చిన్నదే, కానీ ఎవరి జాగా తింటుందో చూడాలి

మన ఇళ్ళల్లో టైలు ఎక్కువుండవు, ఈ హోల్డర్‌కి వేలాడేవి బెల్టులు, చున్నీలు, పిల్లల స్కూల్ టైలు. పక్క పలకకి బిగించి ముందుకి లాగే రకానికి లోతు 45 దాకా కావాలి, 42 ఖాళీలో పొట్టిది చూసుకోవాలి. టై సగానికి వేస్తే 75 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది, కాబట్టి దాని కింద సొరుగు పెడితే కొసలు దాని మీద కుప్పపడతాయి.

లోతు కంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది, అది రాడ్ ఉన్న అరలోనే బిగిస్తే ఆ పక్కన ఏడెనిమిది సెంటీమీటర్ల రాడ్ వాడకానికి రాకుండా పోతుంది. అంటే రెండు మూడు చొక్కాల జాగా. అది వద్దనుకుని తలుపు లోపలికి బిగిస్తే లోతు సమస్య మళ్ళీ వస్తుంది, హుక్కులూ వాటికి వేలాడే బెల్టులూ కలిపి ఐదు సెంటీమీటర్లు లోపలికి పొడుచుకొస్తాయి, 57లో 53 చొక్కాకి పోతే మిగిలేది నాలుగే. కాబట్టి తలుపు మీద పెట్టే హోల్డర్ చొక్కాలున్న తలుపుకి కాదు, అరలున్న తలుపుకి పెట్టాలి, ఆ అరలు ఐదారు సెంటీమీటర్లు వెనక్కి ఉండేలా కోయించాలి. మడత బట్టకి 35 లోతు చాలు కాబట్టి అరలు వెనక్కి పోయినా నష్టం లేదు.

పాత ఇళ్ళ కడప బండ అల్మారాలు

అమ్మావాళ్ళింట్లో, అలాంటి పాత ఇళ్ళన్నిట్లో గోడలోనే అల్మారాలుంటాయి, కడప బండలు అరలుగా వేసి ముందు టేకు ఫ్రేము పెట్టి తలుపులు. లోతు 15 అంగుళాలు, మహా అయితే 18. 15 అంటే 38 సెంటీమీటర్లు, ఫ్రేము, తలుపు పోగా 34, 35 మిగులుతుంది. అందులో పెద్దవాళ్ళ చొక్కా అడ్డంగా పట్టే ప్రశ్నే లేదు. 30 సెంటీమీటర్ల ఎదురు రాడ్ పెడితే పది చొక్కాలు, క్లిప్పు హ్యాంగర్ 32దైతే ప్యాంట్లు అడ్డంగా పడతాయి.

ఇక్కడ లోతుతో పాటు ఇంకో రెండు చూసుకోవాలి. చొక్కా వేలాడాలంటే రాడ్ కింద మీటరు ఎత్తు కావాలి, బండలు ఒకటిన్నర రెండడుగులకి ఒకటి ఉంటాయి, కాబట్టి కనీసం ఒక బండ తీసెయ్యాలి. అది రెండు పక్కల గోడలోకి దిగి ఉంటుంది, కట్టర్‌తో ముందు రెండు చివర్లా కోసి తీస్తారు, సుత్తితో కొడితే గోడ ప్లాస్టర్ కూడా ఊడొస్తుంది. పైన మిగిలిన బండకి రాడ్ బిగించడానికి రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లులో హ్యామర్ ఆపేసి మామూలు తిప్పుడు మీదే వేయాలి, లేకపోతే బండ అంచు పెచ్చులుగా లేస్తుంది. దానికంటే బండ కింద ఒక ప్లై పలకని పక్క గోడలకి ఆనించి దానికి బిగించుకోవడం మేలు. ఇక రెండోది, టేకు ఫ్రేము గోడ లోపలి వెడల్పు కంటే రెండు పక్కలా రెండేసి అంగుళాలు లోపలికి ఉంటుంది, లాగే ఫిట్టింగ్ ఏదైనా ఆ ఫ్రేముకి తగులుతుంది. కాబట్టి కొలవాల్సింది గోడ నుంచి గోడకి కాదు, తలుపులు పూర్తిగా తెరిచి ఆ తలుపుల మధ్య.

అక్కావాళ్ళు చివరికి రెండో దారికి వెళ్ళారు, 40 సెంటీమీటర్ల ఎదురు రాడ్ ఒకటి, పక్కన 33 వెడల్పు అరలు. బావగారి ప్యాంట్లు హాల్లో ఉన్న పాత స్టీల్ బీరువాలోకి క్లిప్పు హ్యాంగర్లతో వెళ్ళాయి, మిగిలిన ఐదారు చొక్కాలు కూడా మడతపెట్టి అందులోనే పెట్టుకున్నారు. మొన్న వెళ్ళినప్పుడు తలుపు వేసి చూశాను, నొక్కక్కర్లేకుండా దానంతటదే మూసుకుంది, లోపల లామినేట్ మీద ఆ పాత మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.